ఫాంటు మార్చితే సరిపోతుందా?

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున్నే టెక్సస్ నుంచి ఒక అమ్మాయి మెయిలు పంపింది. "అంకుల్, నాన్నగారి కథలు మీ పేజీలో కనబడటం లేదు. అన్నీ పిచ్చి గీతలు వస్తున్నాయి. నా ఫోన్లో ఏమైనా లోపమా?" అని. కింద ఒక ఫోటో. కథ పేరు ఉండవలసిన చోట టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఏలు, సున్నా చుట్లు, కూడికా తీసివేతా కలిసిన గుర్తులు, వరసగా.

ఆ నాన్నగారు మా ఊరి మాస్టారు. ఒహాయో వచ్చిన నలభై ఏళ్ళలో ఆయన రాసినవి పదిహేడు కథలు. ఆయన పోయాక ఆ కథలన్నీ ఒక చోట చదువుకోవడానికి వీలుగా ఉన్నది నా సైటు ఒక్కటే. అంతకు ముందు వారమే ఆ సైటును ఒక అద్దె సర్వరు నుంచి ఇంకో అద్దె సర్వరుకు మార్చాను. కొత్త చోట సహాయం చేసే కుర్రవాడికి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేల్చేశాడు: "ఫాంటు మార్చి చూడండి సార్."

తెలుగు తెరమీద చెడినప్పుడల్లా మనకు వచ్చే మొదటి సలహా ఇదే. నేనూ ఎంతోమందికి ఇచ్చాను. ఇప్పుడు మాత్రం ఈ సలహా చాలాసార్లు తప్పనీ, ఒక్కోసారి హానికరమనీ అనుకుంటున్నాను. ఎందుకో ఆ పదిహేడు కథల సంగతి చెబితే తెలుస్తుంది.

ఒకప్పుడు ఈ సలహా సరైనదే. 1990లలో అమెరికాలో తెలుగువాళ్ళు కంప్యూటరు మీద రాసుకోవడం మొదలుపెట్టినప్పుడు రెండు దారులుండేవి. మొదటిది ఆర్‌టీఎస్. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది కాబట్టి దానికా పేరు వచ్చింది. తెలుగు మాటను ధ్వనిని బట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కచ్చితమైన పద్ధతిలో రాయడం, దాన్ని ప్రోగ్రాము తెలుగులోకి మార్చడం. రెండోది ఫాంటు దారి. ఇంగ్లీషు అక్షరాలు ఉండే చోట్లలో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంటు ఒకటి వేసుకోవడం. ఒక మీట నొక్కితే తలకట్టు, ఇంకోటి నొక్కితే వత్తు. ఏ గుర్తుకు ఏ ముక్క అన్నది ఫాంటు చేసినవాళ్ళ ఇష్టం. అక్కడ కంప్యూటరులో ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మ. ఆ ఫాంటు లేకపోతే పేజీ నిండా ఇంగ్లీషు చెత్త కనిపించేది, ఫాంటు దించుకుంటే చక్కగా చదువుకునేవాళ్ళం. "ఫాంటు వేసుకోండి" అన్న సలహా అప్పుడు పుట్టింది.

ధ్వనిని బట్టి రాసుకున్నవాళ్ళు ఏమీ పోగొట్టుకోలేదు. పాతికేళ్ళ నాటి ఆర్‌టీఎస్ ఫైలును ఇవాళైనా యూనికోడులోకి తెచ్చుకోవచ్చు. బొమ్మను బట్టి రాసుకున్నవాళ్ళకు ఆ ఫాంటుకు సరిపోయే పట్టిక దొరికితే తప్ప ఆ రాత తెలుగు కాదు. యూనికోడు ఈ విషయంలో మొదటి దారినే పట్టింది. అందులో "క్ష" అనేది ఒక బొమ్మ కాదు. క, పొల్లు, ష అనే మూడు గుర్తుల వరస. దాన్ని ఒక్క అక్షరంగా గీసే పని ఫాంటుదీ, బ్రౌజరుదీ. అంటే ఇప్పుడు రాత వేరు, రూపం వేరు. అందుకే రూపం చెడిందా, రాత చెడిందా అన్నది ముందు తేల్చుకోవాలి. రాత చెడినప్పుడు ఫాంటు మార్చి ప్రయోజనం లేదు. రూపం చెడినప్పుడు రాతను ముట్టుకోకూడదు.

తేల్చుకోవడం కష్టం కాదు, కంటితో చూస్తే చాలు. అక్షరాలన్నిటి చోటా ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ యంత్రంలో తెలుగు ఫాంటు లేదు. రాత క్షేమం. వత్తులు కలవకుండా "అన్న" అనేది నకార పొల్లు పక్కన న లాగా విడిపోయి కనిపిస్తే ఆ వాక్యాన్ని కాపీ చేసి వేరే చోట, ఫోన్లో ఒక సందేశంలోనో మరో బ్రౌజరులోనో, అతికించి చూడండి. అక్కడ సరిగ్గా వస్తే తప్పు మీ పేజీ ఫాంటుది. ఎక్కడ అతికించినా అలాగే ఉంటే రాతలోనే ఏదో దూరింది. గుణింతపు గుర్తు ఒక చుక్కల సున్నా మీద కూర్చుని కనిపిస్తే, ఆ గుర్తు పట్టుకోవడానికి ముందు హల్లు లేదని అర్థం. అది కూడా రాత తప్పే.

నాకు వచ్చినవి ఇవేవీ కావు. "తెలుగు" అన్న మాట ఇలా ఉంది:

```
à°¤à±†à°²à±à°—à±
```

దీన్ని కాస్త ఓపిగ్గా చూడండి. కంప్యూటరు తెలుగును యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు ఒకటే, `E0`. రెండోది `B0` గానీ `B1` గానీ. మూడోదే గుర్తును బట్టి మారుతుంది. "త" అంటే `E0 B0 A4`. ఈ బైట్లను తెలుగని చెప్పకుండా, పాత పడమటి భాషల పట్టిక `Windows-1252` ప్రకారం ఒక్కొక్కటిగా చదివితే `E0` టోపీ ఏ అవుతుంది, `B0` చిన్న సున్నా చుట్టు, `B1` కూడికా తీసివేతా. అందుకే పేజీ నిండా `à°`, `à±` అన్న జంటలు. ఈ జంటలు కనిపిస్తే అది ఒకప్పుడు తెలుగు. హిందీ ఇలాగే చెడితే `à¤`, `à¥` అని వస్తుంది.

ఇలాంటి చెత్తకు రెండు కారణాలుంటాయి. తేలికది ఏమిటంటే, రాత బాగానే ఉంది, పేజీ తనేమిటో బ్రౌజరుకు చెప్పలేదు. పేజీ తలభాగంలో ఈ వరస ఉండాలి:

```html
<html lang="te">
<meta charset="utf-8">
```

రెండో వరస పేజీ మొదటి 1024 బైట్లలోపే రావాలి. అది ఉన్నా సర్వరు తన వంతుగా వేరే పేరు చెబితే బ్రౌజరు సర్వరు మాటే వింటుంది కాబట్టి అక్కడా సరిచూసుకోవాలి. కష్టమైన కారణం నాకు పట్టింది. పాత డేటాబేసులో బైట్లు తెలుగువే, కాని ఆ గడికి "ఇది పడమటి భాష" అన్న చీటీ అంటించి ఉంది. ఏళ్ళ తరబడి అదే తప్పు చీటీతో లోపలికి వెళ్ళి, అదే తప్పు చీటీతో బయటికి వచ్చేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇల్లు మారినప్పుడు మాత్రం కొత్త సర్వరు ఆ చీటీని నమ్మి, ప్రతి బైటునూ ఒక పడమటి అక్షరం అనుకుని, దాన్ని శ్రద్ధగా యూటీఎఫ్-8లోకి మార్చింది. ఇప్పుడు నిజంగానే రాత చెడింది. ప్రపంచంలో ఉన్న ఏ తెలుగు ఫాంటు వేసినా టోపీ ఏ టోపీ ఏగానే ఉంటుంది.

ఇంతవరకూ ప్రమాదం లేదు. ఏ దారిన వెళ్ళిందో అదే దారిన వెనక్కి తీసుకురావచ్చు. పాడయింది నేను చేసిన రెండో పనితో. మూడు కథల పేజీలను ఎడిటరులో తెరిచి, ఫాంటు మార్చి, సేవ్ కొట్టాను.

పైన చూపించిన "తెలుగు"లో ఒక వింత గమనించారా? త, ె, ల, గ లకు మూడేసి గుర్తులు కనిపిస్తాయి. రెండు ఉకారాల చోటా మాత్రం రెండే. ఉకారం బైట్లు `E0 B1 81`. పడమటి పట్టికలో `81` అన్న గడి ఖాళీ. దానికి రూపం లేదు. అక్కడే ఉంటుంది కాని కనబడదు. ఇలాంటి ఖాళీ గడులు ఆ పట్టికలో అయిదే ఉన్నాయి: `81`, `8D`, `8F`, `90`, `9D`. మన దురదృష్టం కొద్దీ `81` మన ఉకారానికి పడింది, `8D` పొల్లుకు పడింది. అంటే తెలుగులో ఏ వాక్యమూ తప్పించుకోలేని రెండు గుర్తులు. నేను వాడిన ఎడిటరు సేవ్ చేసేటప్పుడు కనబడని గుర్తులను చెత్త అనుకుని ఊడ్చేసింది. "తమ్ముడు" అన్న మాటలో ఏడు గుర్తులుంటే అందులో ఒక పొల్లు, రెండు ఉకారాలు. ఆ మూడూ పోయాయి. మిగిలినది త, మ, మ, డ. మధ్యలో ఎక్కడెక్కడ ఏదో ఒకటి ఉండేదని చెప్పే రెండు బైట్ల మొండేలు.

ఠకారానిది ఇంకో కథ. దాని మూడో బైటు `A0`. పడమటి పట్టికలో అది విరగని ఖాళీ. చాలా ఎడిటర్లు దాన్ని మామూలు ఖాళీగా మార్చేస్తాయి. అందుకని "పాఠం" అన్న మాట రెండు ముక్కలైంది.

ముట్టుకోని పద్నాలుగు కథలు పది నిమిషాల్లో వెనక్కి వచ్చాయి. వాడింది ఇంతే:

```python
def fix(s):
    b = b"".join(bytes([ord(c)]) if ord(c) < 256
                 else c.encode("cp1252") for c in s)
    return b.decode("utf-8")
```

ప్రతి పడమటి గుర్తునూ మళ్ళీ ఒక బైటు చేసి, ఆ బైట్ల వరసను తెలుగుగా చదవమనడం. `cp1252` అన్నది ఆ పడమటి పట్టికకు పైథాన్‌లో పేరు. నేరుగా మొత్తం కథను ఆ పట్టికతో మార్చమంటే కుదరదు, ఖాళీ గడుల దగ్గర ఆగిపోతుంది. అందుకే 256 లోపు గుర్తులను ఉన్నవి ఉన్నట్టు బైట్లు చేయాలి. కథలో మంచి తెలుగు, చెడిన తెలుగు కలిసి ఉంటే ఇది తప్పు చూపించి ఆగిపోతుంది, ఉన్నదాన్ని పాడు చెయ్యదు. అయినా అసలు డేటాబేసు మీద కాక నకలు మీదే ప్రయత్నించండి.

మిగతా మూడు కథలకు ఈ మంత్రం పారలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు పాత పేజీల నకళ్ళు దాస్తారు. `web.archive.org` లో నా పాత చిరునామా ఇస్తే వాటిలో రెండు కథలు చెక్కుచెదరకుండా దొరికాయి. మూడోది దొరకలేదు. చేతిలో మిగిలింది మొండేలు మాత్రమే. `E0 B1` తరవాత ఏమీ లేకపోతే అది ఉకారమైనా కావాలి, పొల్లైనా కావాలి. రెండిట్లో ఒకటి. తెలుగు చదవడం వచ్చినవాడికి చాలా చోట్ల అనుమానమే రాదు, "తమ్ముడు"ను ఇంకోలా చదవలేం. కాని మాస్టారి పాత్రలు మాటల చివరలు మింగేసి మాట్లాడతాయి. ఒకడు "నేను రాను" అంటాడు, ఇంకొకడు "నేన్ రాన్" అంటాడు. ఉకారాలూ పొల్లులూ తీసేస్తే ఈ రెండూ ఒకటే. ఎవడు ఎలా అన్నాడో చెప్పగలిగిన మనిషి లేడు. ఆ కథలో పదకొండు చోట్ల నేనే నిర్ణయించాను. కథ కింద ఆ సంగతి రాసి పెట్టాను.

ఇంతకీ ఫాంటు గురించి మాట్లాడనే కూడదా? రాత క్షేమంగా ఉందని తేలాక తప్పకుండా మాట్లాడాలి. ఇవాళ విండోస్‌లో నిర్మల, మాక్‌లో తెలుగు ఎంఎన్, ఆండ్రాయిడ్‌లో నోటో వాటంతటవే ఉన్నాయి. ఏమీ చెప్పకపోయినా తెలుగు కనిపిస్తుంది. అందంగా కావాలంటే గూగుల్ ఫాంట్లలో మల్లన్న, మండలి, గిడుగు, సూరన్న లాంటివి చాలా ఉన్నాయి. వీటిని కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ ఇచ్చింది. కథలకూ వ్యాసాలకూ నేను నోటో సెరిఫ్ వాడతాను. శీర్షికలకు పనికొచ్చే ముద్ద అక్షరాలను పేజీ నిండా పరిస్తే మూడో పేరాకే కళ్ళు లాగుతాయి.

```css
:lang(te) {
  font-family: "Noto Serif Telugu", "Nirmala UI", "Telugu MN", serif;
  line-height: 1.8;
  letter-spacing: normal;
  font-style: normal;
}
```

ఈ నాలుగు వరసల్లో ఫాంటు పేరు కన్నా కింది మూడే ముఖ్యం. సైట్ల నమూనాలు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసినవి. శీర్షికల్లో వరసల మధ్య ఎడం చాలా తక్కువ ఇస్తారు. ఇంగ్లీషుకు అది చాలు. "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటలకు కింద వత్తుకూ పైన గుడికీ చోటు కావాలి. లేకపోతే కింది వరస తలకట్లు పై వరస వత్తుల్లో ఇరుక్కుంటాయి, కొన్నిసార్లు వత్తు సగం తెగిపోతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచితే మాట ముక్కలైనట్టుంటుంది. తెలుగు ఫాంట్లలో వాలు అక్షరాలు దాదాపు ఉండవు కాబట్టి వాలు రాత అడిగితే బ్రౌజరు ఉన్న అక్షరాన్నే పక్కకు నెట్టేస్తుంది, ఉదాహరించిన మాటలన్నీ తూలుతున్నట్టు కనిపిస్తాయి. ఏ ఫాంటు ఎంచుకున్నా "స్వాతంత్ర్యం, స్త్రీ, జ్ఞానం, లక్ష్మి, హ్యూస్టన్‌లో" అన్న అయిదు మాటలు శీర్షికలో ఒకసారి, పేరాలో ఒకసారి, ఫోన్లో ఒకసారి చూసుకోండి. ఇవి బాగుంటే దాదాపు అన్నీ బాగుంటాయి.

అయిదో మాట ఎందుకంటే, అమెరికాలో రాసే మనకు అది రోజూ పని. "హ్యూస్టన్" పక్కన "లో" చేరిస్తే యూనికోడు నియమం ప్రకారం ల వచ్చి నకారం కింద వత్తుగా కూర్చుంటుంది. అలా కూర్చోకుండా మధ్యలో `U+200C` అనే కనబడని అడ్డుగోడ ఒకటి పెడతాం. "సాఫ్ట్‌వేర్" కూడా అంతే. ఇది చెత్త కాదు, రాతలో భాగం. కనబడని గుర్తులను ఊడ్చేసే పనిముట్లు దీన్నీ ఊడ్చేస్తాయి. ఒక రోజు మీ పేజీల్లో ఊళ్ళ పేర్లన్నిటికీ వత్తులు మొలిస్తే ఫాంటును తిట్టకండి.

అడ్డుగోడను అవసరం లేని చోట పెట్టినా ఇబ్బందే. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చేస్తోందని అమెరికా పత్రికలన్నీ రాశాయి. ఆ అక్షరం "జ్ఞా" అని అందరూ అన్నారు. మామూలు "జ్ఞా" వల్ల ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ తరవాత ఈ కనబడని గోడ ఒకటి దూరి, ఆ పైన దీర్ఘం వచ్చిన వరస అది. ఆ వరసను గీయబోయి ఆపిల్ వాళ్ళ ప్రోగ్రాము తడబడింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తప్పు ముమ్మాటికీ గీసే ప్రోగ్రాముదే. కాని రూపం సరిగ్గా రాలేదని రాతలో ఎక్కడపడితే అక్కడ కనబడని గుర్తులు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇవాళ్టి ఫాంటులో అది బాగా కనిపిస్తుంది. రేపు ఫాంటు మారుతుంది, గుర్తు అక్కడే ఉంటుంది. వెతికితే ఆ మాట దొరకదు.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతాను. ప్రతి రచననూ సైటులో పెట్టకముందే మామూలు `.txt` ఫైలుగా, యూటీఎఫ్-8లో, నా దగ్గర దాచుకుంటాను. ఎవరైనా "అక్షరాలు పాడయ్యాయి" అంటే ఆ పేజీని ఎడిటరులో తెరవను. ముందు ఫోటో అడుగుతాను, తరవాత డేటాబేసు నకలు తీస్తాను, ఆ తరవాతే ఏదైనా. సర్వరు మారేముందు ఒక్క కథను పట్టుకెళ్ళి, "తమ్ముడు" లాంటి మాట అవతల ఒడ్డున ఏడు గుర్తులతోనే దిగిందో లేదో లెక్కపెట్టుకుంటాను.

మాస్టారి అమ్మాయికి మూడో కథ పంపినప్పుడు ఆ పదకొండు చోట్లూ చూపించాను. ఆమెకు తెలుగు చదవడం వచ్చు, టైపు చెయ్యడం రాదు. ఫోన్ చేసి ఒక్కో వాక్యం తండ్రి గొంతులో ఎలా ఉండేదో చదివి వినిపించింది. నాలుగు చోట్ల నేను ఉకారం పెట్టినదాన్ని పొల్లుగా మార్చమంది. మార్చాను.